లింక్డ్‌ఇన్‌లో వచ్చిన లీడ్‌ని ఆర్డర్ దాకా ఎలా నిలబెట్టుకోవాలి?

అందరికీ నమస్తే. మాది హన్మకొండ. డైయింగ్ యూనిట్లకు మురుగునీటి శుద్ధి ప్లాంట్లు కట్టిస్తాం. నీళ్ల శాంపిల్ టెస్ట్, డిజైన్, కొటేషన్, బ్యాంకు లోన్ అన్నీ అయ్యేసరికి ఒక్కో ఆర్డర్‌కి ఏడాది పడుతుంది.

లింక్డ్‌ఇన్‌లో లీడ్ ఫారం యాడ్ పెట్టాం. ఫారం ప్రొఫైల్ నుంచి దానంతటదే నిండిపోవడంతో ఎక్కువగా పర్సనల్ జీమెయిళ్లే వస్తున్నాయి, ఫోన్ చేస్తే చాలామందికి గుర్తే ఉండదు. పైగా లీడ్లను 90 రోజుల్లోపే డౌన్‌లోడ్ చేసుకోవాలి కాబట్టి ఎక్సెల్‌లో పెట్టుకుంటున్నాం. అసలు చిక్కు ఆ తర్వాతే. ఫారం నింపేది ప్లాంట్ మేనేజర్, డబ్బులిచ్చేది ఓనర్. ఆయనేమో లింక్డ్‌ఇన్‌లోనే ఉండడు. సూరత్‌లో ఒక మేనేజర్ శాంపిల్ కూడా పంపి, మధ్యలో ఉద్యోగం మారాడు. కథ మళ్లీ మొదటికొచ్చింది.

ఫారంలో 'రోజుకు ఎన్ని కిలోలీటర్ల మురుగునీరు?' అని అడిగితే ఉత్తుత్తి లీడ్లు తగ్గుతాయా, అసలైనవాళ్లూ జారిపోతారా? మేనేజర్‌ని నొప్పించకుండా ఓనర్ దగ్గరికి ఎలా చేరతారు? నెలల తరబడి గ్యాప్‌లో ఏం పంపిస్తారు? ఇలాంటి మెషినరీ అమ్మినవాళ్లు చెప్పండి ప్లీజ్. 'రోజూ పోస్ట్ పెట్టండి' అని మాత్రం అనొద్దు, పెడుతూనే ఉన్నాం.