"అందరూ రాలేదు" అంటే ఎంతమంది వచ్చినట్టు?

మొదటిబెంచీ:
మాటల అర్థాలు, వాటిని కలిపే పద్ధతి తెలిస్తే వాక్యం అర్థం దానంతటదే వస్తుందని క్లాసులో చెప్పారు. మరి "అందరూ రాలేదు" అన్న వాక్యం చూడండి. ఒక్కరూ రాలేదని కొందరికి తోస్తుంది, కొందరే వచ్చారని మరికొందరికి తోస్తుంది. మాటలు అవే, వరుస అదే, అర్థాలు మాత్రం రెండు. అంటే ఆ సూత్రం తప్పేనా?

సాయంకాలం:
తప్పే. అర్థం మాటల్లో ఉండదు, సందర్భంలో ఉంటుంది. ఖాళీ హాలు చూపిస్తూ "అందరూ రాలేదు" అంటే ఒక్కరూ రాలేదని. సగం నిండిన హాలు చూపిస్తూ అంటే ఇంకా రావలసినవాళ్లు ఉన్నారని. గొంతు ఎక్కడ పెంచామన్నది కూడా చూడాలి. "అందరూ" మీద నొక్కితే ఒకటి, "రాలేదు" మీద నొక్కితే ఇంకొకటి. మాటల్ని కూడితే వాక్యం రాదండీ.

ట్యాంక్‌బండ్:
ఇది నాకు నిజంగా జరిగింది. మా అపార్ట్‌మెంట్ లెక్కలు నేనే చూస్తాను. మోటారు రిపేరు డబ్బుల గురించి "మూడో అంతస్తు వాళ్లందరూ కట్టలేదు" అని గ్రూపులో పెట్టాను. ఆ అంతస్తులో అయిదు ఇళ్లు. అప్పటికి మూడిళ్ల వాళ్లు కట్టేశారు. ఆ ముగ్గురూ "మేం కట్టాం కదా, అబద్ధం ఎందుకు రాశారు?" అని మీదికొచ్చారు. నేను రాసింది ఇంకా ఇద్దరు మిగిలారని. అబద్ధం ఎలా అవుతుంది? రెండు రోజులు టెన్షనే. అలాంటప్పుడు ఎలా రాయాలో చెప్పండి.

రేగడినేల:
మొదటిబెంచీ గారూ, సూత్రం తప్పు కాదనే నా అభిప్రాయం. ముందు ట్యాంక్‌బండ్ గారి గొడవ చూద్దాం, ఎందుకంటే అసలు సాక్ష్యం అందులోనే ఉంది.

ఖాళీ హాల్లో ఈ వాక్యాన్ని పరీక్షించి లాభం లేదు. ఒక్కరూ రానప్పుడు "ప్రతివాళ్లూ రానివాళ్లే" అన్నది నిజం, "అందరూ వచ్చారన్నది జరగలేదు" అన్నదీ నిజమే. రెండర్థాలూ ఒకేసారి నిజమైతే వినేవాళ్లు ఏది తీసుకున్నారో మనకు తెలియదు. కొందరు వచ్చి కొందరు రాని చోట చూడాలి. అక్కడ ఒకరు "కాదు, ఇద్దరు వచ్చారుగా" అని ఖండిస్తే మొదటి అర్థం తీసుకున్నట్టు. "అవును, ఇద్దరే వచ్చారు" అని ఒప్పుకుంటే రెండోది. మూడో అంతస్తు వాళ్లు ఖండించారు, రాసినాయన నిజమే రాశానంటున్నారు. అందరూ చూసింది ఒకే వాక్యం, ఒకే సందర్భం. కాబట్టి రెండర్థాలూ ఆ వాక్యంలో నిజంగానే ఉన్నాయి.

ఇప్పుడు అవి ఎక్కడి నుంచి వచ్చాయో చూద్దాం. రవి, లత, మస్తాన్, సుజాత, ఈ నలుగురినీ పిలిచామనుకోండి. రవి, లత వచ్చారు. వాక్యంలో ముక్కలు మూడు: అందరూ, రావడం, లేదు.

ముందు "అందరూ"ని "రావడం"తో కలపండి. నలుగురూ వస్తేనే అది జరిగినట్టు. ఇద్దరే వచ్చారు కాబట్టి జరగలేదు. దాని మీద "లేదు" వేస్తే వాక్యం నిజం.

ఈసారి ముందు "రావడం"తో "లేదు"ని కలపండి. రానివాళ్ల జట్టు వస్తుంది: మస్తాన్, సుజాత. ఇప్పుడు "అందరూ" అడిగేది, నలుగురూ ఆ జట్టులో ఉన్నారా అని. లేరు. వాక్యం అబద్ధం.

ముక్కలు అవే, ఏది ముందు కలిపామన్నదే తేడా. మీ క్లాసులో చెప్పిన సూత్రంలో "కలిపే పద్ధతి" అన్న మాట ఉన్నది ఇందుకే. అమెరికన్ తర్కశాస్త్రవేత్త రిచర్డ్ మాంటేగ్ చనిపోయాక 1973లో అచ్చయిన వ్యాసంలో ఇంగ్లీషు వాక్యాలకు చేసి చూపించింది ఇదే పని. అర్థాన్ని పైకి కనిపించే మాటల వరుసకు కాకుండా, ఆ వరుసను కట్టిన తీరుకు ఇచ్చాడు. కట్టే తీరులు రెండుంటే అర్థాలూ రెండుండొచ్చు.

ఇంకొకటి చేసి చూడండి. "అందరూ" తీసేసి "రవి" పెట్టండి. "రవి రాలేదు" అన్నదాన్ని ఎటు నుంచి కలిపినా ఫలితం ఒక్కటే. కలిపే దారులు అక్కడా రెండున్నాయి గానీ, "అందరూ" లాంటి లెక్క చెప్పే మాట ఉంటేనే తేడా బయటపడుతుంది.

సాయంకాలం గారు చెప్పినదాంట్లో సగం నిజముంది. ఉన్న రెండింటిలో ఏది తీసుకోవాలో సందర్భమే చెబుతుంది, గొంతూ చెబుతుంది. లేనిదాన్ని మాత్రం తేలేదు. "ఎవరూ రాలేదు" అనండి. ఏ హాలు చూపించినా, ఎక్కడ నొక్కినా, కొందరు వచ్చారన్న అర్థం రాదు. అర్థమంతా సందర్భం చేతిలోనే ఉంటే ఇక్కడ ఎందుకు రావడం లేదు?

ట్యాంక్‌బండ్ గారూ, "ఇంకా ఇద్దరు కట్టాలి" అని రాయండి. గొడవ ఉండదు.

నల్లబల్ల:
ఇంత తర్కం ఎందుకండీ? "నీళ్లు నమిలాడు" అంటే నీళ్లూ లేవు, నమలడమూ లేదు. జవాబు చెప్పలేక తడబడ్డాడని. మాటల అర్థాలతో వాక్యార్థం రాదనడానికి ఈ ఒక్కటి చాలదా?

రేగడినేల:
నల్లబల్ల గారూ, అది వేరే సంగతి. "నీళ్లు నమలడం" మొత్తాన్నీ ఒక మాటలాగా నేర్చుకుంటాం. అలాంటివి నేర్చుకోకుండా ఎవరికీ రావు. "అందరూ రాలేదు" అలా నేర్చుకున్నది కాదు. "మూడో అంతస్తు వాళ్లందరూ మోటారు డబ్బులు కట్టలేదు" అన్న వాక్యాన్ని ఆ గ్రూపులో వాళ్లు అంతకుముందు విని ఉండరు. అయినా అర్థమైంది, అదీ రెండు రకాలుగా. తేల్చాల్సింది దాని సంగతి.

చౌరస్తా:
రేగడినేల గారూ, మీ లెక్క బాగుంది గానీ నాకో గట్టి అభ్యంతరం ఉంది. "రాలేదు"లో రెండు ముక్కలున్నాయన్నారు. ఒప్పుకుంటాను, "రానే లేదు" అంటాం కాబట్టి విడదీయొచ్చు. మరి "రారు"? "ఈ మీటింగులకు అందరూ రారు" అంటే కొందరే వస్తారని ఎవరైనా ఒప్పుకుంటారు. మీ దారిలో ఆ అర్థం రావాలంటే "అందరూ"ని "రావడం"తో ముందు కలిపి, ఆ తర్వాత కాదనాలి. ఇక్కడ కాదనడం క్రియలోనే కలిసిపోయి ఉంది. ఒక్క మాట కడుపులోకి "అందరూ" ఎలా దూరుతుంది? అర్థానికి కావలసినట్టు ముక్కల్ని జరుపుకుంటూ పోతే మీ సూత్రం ఎప్పటికీ తప్పదు. ఎప్పటికీ తప్పని సూత్రం ఏమీ చెప్పనట్టే.

రేగడినేల:
మంచి అభ్యంతరం. ముక్కల్ని ఎలా పడితే అలా జరపొచ్చంటే ఏ వాక్యానికి ఏ అర్థమైనా అంటగట్టొచ్చు. కాబట్టి జరపడానికి హద్దులు చెప్పాలి, ఆ హద్దుల్ని బట్టి ఏ వాక్యానికి ఏ అర్థం రావాలో ముందే తేలాలి.

ఒకటి చెబుతాను, మీరే పరీక్షించండి. వాక్యంలో కర్మ క్రియకు దగ్గర, కర్త దూరం. అంటే కర్మ ముందు క్రియతో కలవాలి, "లేదు" ఆ తర్వాత పడాలి. అది నిజమైతే "అందరినీ పిలవలేదు" అన్నప్పుడు కొందరినే పిలిచారన్న అర్థమే గట్టిగా రావాలి. "అందరూ రాలేదు"లో ఉన్నంత తికమక ఉండకూడదు. నా చెవికి అలాగే ఉంది. నలుగురిలో ఇద్దరిని పిలిచినప్పుడు "అందరినీ పిలవలేదు" అంటే "కాదు, ఇద్దరిని పిలిచారుగా" అని ఖండించేవాళ్లు నాకు తగల్లేదు.

"రారు" విషయంలో, కాదనడం క్రియ చివర వినిపిస్తుంది గానీ అది వాక్యం మొత్తానికి చెందినదని నేననుకుంటాను. మాట ఎక్కడ అతికిందో అర్థం అక్కడే కలవాలన్న నియమం లేదు. మీకు తృప్తినిచ్చే రుజువు మాత్రం ఇప్పుడు నా దగ్గర లేదు.

మొదటిబెంచీ:
అయితే "ముగ్గురు రాలేదు", "ముగ్గురూ రాలేదు" సంగతేంటండీ? మొదటిది పదిమందిలో ఏడుగురు వచ్చినప్పుడు అంటాం. రెండోది మనకు తెలిసిన ఫలానా ముగ్గురిలో ఎవరూ రానప్పుడు. మధ్యలో తేడా ఒక్క దీర్ఘమే.

రేగడినేల:
ఆ దీర్ఘమే నాకు తెలుగులో అన్నిటికన్నా ఇష్టమైన ముక్క. "రవీ లతా వచ్చారు"లో ఇద్దరినీ కలుపుతుంది. "రవి కూడా" అనకుండా "రవీ వచ్చాడు" అన్నా సరిపోతుంది. "ముగ్గురూ"లో ఒక్కరినీ వదలకుండా లెక్కపెడుతుంది. "ఎవరు" అన్న ప్రశ్నకు తగిలి "ఎవరూ" అవుతుంది. అన్నిచోట్లా ఒకే అర్థం పెట్టి చూడండి: ఎదురుగా ఉన్నవాళ్లలో ప్రతి ఒక్కరికీ ఈ మాట వర్తిస్తుంది. "ఎవరు" ఎదురుగా పెట్టేది జవాబు కాగల మనుషులందరినీ. రవి రాలేదు, లత రాలేదు, మస్తాన్ రాలేదు, సుజాత రాలేదు. అదే "ఎవరూ రాలేదు".

చౌరస్తా:
అలాగైతే "ఎవరూ వచ్చారు" అంటే అందరూ వచ్చారని రావాలి కదా? ఆ వాక్యమే తెలుగు కాదు.

రేగడినేల:
అవును, అక్కడ చిక్కే ఉంది. "ఎవరూ"లో దీర్ఘానికి "ఒక్కరు కూడా" అన్న అర్థమిచ్చి, "లేదు" కిందే ఉండాలని నియమం పెడితే ఈ వాక్యం ఎందుకు చెడిందో చెప్పొచ్చు. అప్పుడు "ముగ్గురూ వచ్చారు" ఎందుకు బాగుందో విడిగా చెప్పాలి. ఒకే దీర్ఘమా, రెండు వేర్వేరు దీర్ఘాలా అన్నది ఇంకా తేలాల్సిన విషయమే. నేను ఒకటేనన్న వైపు ఉన్నాను.

తాళపత్రం:
సంస్కృతం చెప్పి రిటైరైనవాణ్ని. ఈ చర్చ మీమాంసకులు ఎప్పుడో చేశారు. పెద్దాయన "గామానయ" అంటాడు, ఇంకొకాయన ఆవును తెస్తాడు, పక్కనున్న పిల్లవాడు చూస్తాడు. తర్వాత "అశ్వమానయ" అంటే గుర్రం వస్తుంది, "గాం బధాన" అంటే ఆవును కట్టేస్తారు. మాటలు మారినప్పుడల్లా ఏం మారిందో చూసి పిల్లవాడు ఒక్కో మాటనూ విడదీసుకుంటాడు. ఇక్కడే ఇద్దరు ఆచార్యులకు తేడా వచ్చింది. మాట ముందు తన అర్థం తాను చెబుతుంది, ఆ అర్థాలు తర్వాత కలుస్తాయని కుమారిలుడు. మాట ఎప్పుడూ మరొకదానితో కలిసిన అర్థాన్నే చెబుతుందని ప్రభాకరుడు. రేగడినేల గారూ, మీ దీర్ఘానికి విడిగా అర్థం చెప్పండి చూద్దాం. చెప్పలేరు. నేను ప్రభాకరుడి పక్షం.

రేగడినేల:
మాస్టారూ, విడిగా చెప్పొచ్చనే నా వాదన. దేనికి తగులుతుందో దాన్ని తీసుకుని ఏం తిరిగిస్తుందో చెబితే అదే దాని అర్థం. దాంట్లో కలవాల్సిన రెండోదానికి చోటు ముందే ఉంటుంది. ఆ మేరకు ప్రభాకరుడి మాట నాకూ దగ్గరే. కానీ ఆ చోటులోకి రవి వచ్చినా, ముగ్గురు వచ్చినా దీర్ఘం చేసే పని మారకూడదు. మారితే కొత్త వాక్యం విన్న ప్రతిసారీ మళ్లీ నేర్చుకోవాల్సి వస్తుంది.

తాళపత్రం:
చోటు ఉందని ఒప్పుకున్నారు. నాకు కావలసింది అదే. మిగతాది రేపు రాస్తాను.

చౌరస్తా:
"అందరినీ పిలవలేదు" ఇంట్లో అడిగాను. మా అమ్మ, చెల్లి మీరన్నట్టే కొందరినే పిలిచారన్నారు. మా నాన్న మాత్రం "మా అన్నదమ్ముల్ని అందరినీ పిలవలేదు" అంటే ఒక్కరినీ పిలవలేదనే వింటానన్నారు. అలిగి అనే మాట అట. కర్మ దగ్గరగా ఉండటమే కారణమైతే ఆయనకు ఆ అర్థం రాకూడదు. దీనికేమంటారు?