“డిడ్ యూ?” అని అడిగితే యెస్ అనాలా, నో అనాలా? నేర్పేవారి సలహా కావాలి

ఇంగ్లీషు మాట్లాడటం నేర్పుతున్నవారు ఒక విషయంలో సాయం చెయ్యండి.

“యూ డిడింట్ లాక్ ది డోర్, డిడ్ యూ?” అని అడిగారనుకోండి. తాళం వెయ్యలేదు. మనం తెలుగులో “అవును, వెయ్యలేదు” అంటాం, ఎందుకంటే అడిగినవాళ్ల మాట నిజమని ఒప్పుకుంటున్నాం. అదే అలవాటుతో నేర్చుకునేవాళ్లు “యెస్” అని ఊరుకుంటారు. వినేవాళ్లకు అది “వేశాను” అని అర్థమవుతుంది, తలుపు తెరిచే ఉండిపోతుంది! ఇంగ్లీషులో చూడాల్సింది జరిగిందా లేదా అన్నదే. వేస్తే “యెస్, ఐ డిడ్”, వెయ్యకపోతే “నో, ఐ డిడింట్”. అందుకే ఒంటి యెస్, నో వద్దని, వెనక ఆ చిన్న క్రియ తప్పకుండా చేర్చమని చెబుతున్నాను. ఇంతవరకు బాగానే పట్టుబడుతోంది.

చిక్కంతా స్వరం దగ్గరే. చివరి “డిడ్ యూ” పైకి లేస్తే నిజంగా తెలియక అడుగుతున్నట్టు. కిందికి దిగితే వెయ్యలేదని తేల్చేసుకుని, మన చేత అవుననిపించుకోవడం. ఒక్కోసారి అందులో నిష్ఠూరం కూడా ఉంటుంది. మన “కదా” కూడా ఇలాగే లేస్తుంది, దిగుతుంది. “వెయ్యలేదు కదా?”, “వెయ్యలేదు కదా.” రెండూ పక్కపక్కన పలికిస్తే తేడా వెంటనే తెలుస్తోంది. కానీ ఇంగ్లీషులోకి రాగానే అన్నీ పైకే లేపుతున్నారు, దాంతో ఒప్పుకోలు కాస్తా అనుమానంలా వినబడుతోంది.

దించి పలకడం అలవాటు చేయడానికి మీరు ఏ వాక్యాలతో మొదలుపెడతారు? దించి అడిగినది తప్పైనప్పుడు “యెస్, ఐ డిడ్” లో “డిడ్” ఒత్తి పలకడం ఎలా సాధన చేయిస్తారు?