గురువారం బుక్ చేసిన డాలర్లకు సోమవారం రూపాయలా?

మాది చిత్తూరు, మామిడి పల్ప్ ఎగుమతి చేస్తాం. గురువారం 40,000 డాలర్లు స్పాట్‌లో 85.00కి అమ్మితే బ్యాంకు స్లిప్‌లో వాల్యూ డేట్, అంటే డబ్బు చేతికొచ్చే రోజు, సోమవారం అని ఉంది, మధ్యలో శని, ఆదివారాలు లెక్కలోకి రావట. రేటు గురువారమే ఖాయమైనా, రెండు బ్యాంకులూ డీల్ సరిచూసుకుని, ఇక్కడ రూపాయలు, న్యూయార్క్‌లో డాలర్లు సర్దుకోవడానికే రెండు పనిదినాలని అర్థమైంది. కానీ తోతాపురి రైతులకు శుక్రవారమే డబ్బివ్వాలి, వాళ్లను ఆపడం నాకు ఇష్టం లేదు. అందుకే గురువారమే డబ్బు అడిగితే బ్యాంకువాళ్లు క్యాష్ రేటంటూ డాలరుకు 12 పైసలు తగ్గిస్తామన్నారు. ముందే ఇచ్చినందుకు కోసే ప్రీమియం ఏడాదికి 2 శాతం అనుకున్నా, నాలుగు రోజులకు 85 రూపాయల మీద 2 పైసలే కదా వచ్చేది? మిగతా 10 పైసలు బ్యాంకు మార్జినేనా, బేరమాడొచ్చా? సోమవారం అమెరికాలో సెలవైతే మంగళవారానికి జరుగుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.