మూడు శాంతుల్లో ఏది దేనికి? వరస మీద సందేహం

సహనావవతు చివర మూడుసార్లు శాంతిః అనేది మూడు తాపాలు తగ్గడానికని తెలుసు. ఒంట్లో జ్వరం, మనసులో టెన్షన్ లాంటివి ఆధ్యాత్మికం. పాము, దొంగ, (మా వీధి మైకు కూడా) ఆధిభౌతికం. పిడుగు, వరద ఆధిదైవికం. తైత్తిరీయ భాష్యంలో శంకరులు చెప్పినవీ ఇవే, కాకపోతే అక్కడ విద్యకు అడ్డొచ్చేవి పోవాలని అన్నారు, వరసలో ఆధ్యాత్మికమే ముందు పెట్టారు. మా వేదాంతం క్లాసులో మాత్రం మొదటిది ఆధిదైవికానికని గట్టిగా, రెండోది కాస్త తగ్గించి, మూడోది మన లోపలి గోల కోసం కాబట్టి దాదాపు గొణిగినట్టు అనిపిస్తారు. వినడానికి బాగానే ఉంది గానీ, ఈ తిరగేసిన వరసకీ గొంతు తగ్గించడానికీ గ్రంథాల్లో ఆధారం ఉందా? వేదపాఠశాలలో చదివినవాళ్ళు ఉంటే చెప్పండి, మీరు మూడూ ఒకే గొంతుతో అంటారా?