డబ్బు కట్టాం, సర్వీసు రాలేదు: 120 రోజులు ఏ తేదీ నుంచి లెక్క?

ఆకివీడు చెరువు

నవంబరు 18న వీసా క్రెడిట్ కార్డు మీద రూ. 17,700 కట్టి ఒక ఆన్‌లైన్ ఆక్వా సలహా సర్వీసు తీసుకున్నాను. ఫిబ్రవరి 1న రొయ్య సీడ్ వేసిన దగ్గర్నుంచి మే 31 దాకా వారానికో వీడియో కాల్, రోజూ మన నీటి రీడింగులు చూసి మేత ఎంత వేయాలో చెప్పడం, ఇదీ ఒప్పందం. ఒక్క కాల్ కూడా రాలేదు. ఈరోజు ఏప్రిల్ 2. డబ్బు వెనక్కి ఇమ్మంటే వచ్చే క్రాప్‌కి సర్దుతామంటున్నారు. బ్యాంకులో అడిగితే 120 రోజులు దాటిపోయాయి, కట్టిన డబ్బు కార్డు ద్వారానే వెనక్కి తెప్పించే చార్జ్‌బ్యాక్ కుదరదన్నారు. నిజమేనా అండీ?

తణుకు శీను

120 రోజులు నిజమే అన్నా, నేనూ చదివాను. కానీ దారి ఉంది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ఆ లావాదేవీ నేను చేయలేదు, ఫ్రాడ్ అని చెప్పండి. కార్డు బ్లాక్ చేసి కొత్తది పంపుతారు, డబ్బు వెనక్కి వేస్తారు. మోసం జరిగితే కస్టమర్‌కి బాధ్యత లేదని రిజర్వ్ బ్యాంకే చెప్పింది. మా బావమరిదికి అలాగే వచ్చాయి.

పాలకొల్లు కార్డు డెస్క్

శీను గారూ, ఆ సలహా దయచేసి ఎవరికీ ఇవ్వకండి. నేను కొన్నేళ్లు ఒక బ్యాంకులో ఇవే డిస్ప్యూట్లు చూశాను. మీరు చెప్తున్న రిజర్వ్ బ్యాంకు సర్క్యులర్ 2017 జూలైది. మనకు తెలియకుండా ఎవరో మన కార్డు వాడితే, 3 పనిదినాల్లోపు చెబితే మన మీద బాధ్యత ఉండదని అందులో ఉంది. ఇక్కడ ఓటీపీ కొట్టింది ఈయనే. పైగా "నా కాల్స్ ఎప్పుడు మొదలుపెడతారు" అని ఆ కంపెనీకి ఈయనే మెయిల్స్ పెట్టి ఉంటారు. కంపెనీ వాటిలో ఒక్కటి చూపిస్తే ఫ్రాడ్ కేసు మూసేస్తారు. ఆ తర్వాత అదే లావాదేవీ మీద "సర్వీసు రాలేదు" అని వెళ్తే, మొదట చేయలేదన్నారు కదా అంటారు. గెలిచే కేసు చేతులారా పోగొట్టుకున్నట్టే. మీ బావమరిది విషయంలో నిజంగానే ఎవరో కార్డు వాడి ఉంటారు.

ఇక అసలు ప్రశ్న. కౌంటర్లో సగమే చెప్పారు. డబ్బు కట్టిన రోజే సర్వీసు అందాల్సిన కేసుల్లో ఆ రోజు నుంచే లెక్క. కానీ ముందు కట్టి తర్వాత అందే వాటికి, సర్వీసు అందాల్సిన తేదీ నుంచి 120 రోజులు. మొత్తం మీద లావాదేవీ నుంచి 540 రోజులు దాటకూడదు. మీ సర్వీసు ఫిబ్రవరి 1న మొదలవ్వాలి కాబట్టి జూన్ 1 దాకా గడువు ఉంది. మే 31తో ముగియాల్సింది కాబట్టి అప్పటి నుంచి లెక్క అని వాదించే వాళ్లూ ఉన్నారు. దాని మీద ఆశ పెట్టుకోకండి, తొందరగా వచ్చే తేదీనే పట్టుకోండి.

ఇదంతా నిలబడాలంటే ఆ ఫిబ్రవరి 1 అనే తేదీ ఎక్కడో రాతలో ఉండాలి. ఫోన్లో చెప్పారంటే చాలదు. ఆర్డర్ మెయిల్లోనో ఇన్వాయిస్‌లోనో ఉందా?

రాజోలు కుర్రాడు

నాకూ ఇదే అయ్యింది. స్పోకెన్ ఇంగ్లిష్ ఆన్‌లైన్ బ్యాచ్‌కి ఫోన్‌పే చేశాను, బ్యాచ్ మొదలే కాలేదు. నా డెబిట్ కార్డు కూడా వీసానే. ఫిబ్రవరి నుంచి లెక్కేస్తే నాకూ జూన్ దాకా ఉన్నట్టేగా అక్కా?

పాలకొల్లు కార్డు డెస్క్

లేదు తమ్ముడూ. నీ దగ్గర వీసా కార్డు ఉండొచ్చు గానీ డబ్బు వెళ్లింది యూపీఐ మీద, నేరుగా ఖాతా నుంచి. వీసా నియమాలు అక్కడికి రావు. యాప్‌లో ఆ లావాదేవీ తెరిచి అక్కడే ఫిర్యాదు పెట్టు, నీ బ్యాంకుకీ రాయి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా చెప్పు. అదే డెబిట్ కార్డు నంబరు, ఓటీపీ కొట్టి కట్టి ఉంటే డెబిట్ అయినా చార్జ్‌బ్యాక్ అడగొచ్చు. క్రెడిట్ కార్డుకే అనుకుని చాలామంది ఊరుకుంటారు.

భీమవరం బిల్లింగ్

అవతలి వైపు మాట కూడా వినండి. నాది చిన్న సాఫ్ట్‌వేర్ వ్యాపారం, ఐస్ ప్లాంట్లకీ మేత షాపులకీ బిల్లింగ్ చేసిస్తాం. ఒక్క చార్జ్‌బ్యాక్ వస్తే పేమెంట్ గేట్‌వే వాళ్లు ఆ మొత్తం ముందే మా సెటిల్‌మెంట్‌లో పట్టేసుకుంటారు, పైన వాళ్ల ఫీజు. సాక్ష్యం పెట్టడానికి నాలుగైదు రోజులే ఇస్తారు. ఏడాది వాడుకుని చివర్లో "రాలేదు" అని కొట్టిన మహానుభావులు నాకు తెలుసు. నేనైతే మొదట పెట్టేది లాగిన్ రికార్డు. మీరు ఆ యాప్ తెరిచారా లేదా? తెరిచి ఉంటే సర్వీసు అందనట్టు ఎలా అవుతుంది?

ఆకివీడు చెరువు

తేదీ ఇన్వాయిస్‌లో ఉందండీ, "సర్వీసు కాలం: ఫిబ్రవరి 1 నుంచి మే 31" అని. యాప్ కూడా తెరిచాను, దాచడమెందుకు. అందులో రోజూ రొయ్యల కౌంట్ ధరలు, వాతావరణం వస్తాయి. చెరువు పేజీలో మాత్రం నేను పెట్టిన పీహెచ్, ఆక్సిజన్ రీడింగుల పక్కన ఈరోజుకీ "నిపుణుడి కేటాయింపు పెండింగ్" అనే ఉంది. మార్చిలో రొయ్యకి వైట్ గట్ జబ్బు కనిపించి, చెక్ ట్రేల్లో మేత మిగిలిపోతుంటే చాట్‌లో మెసేజ్ పెట్టాను. "మా టీమ్ త్వరలో సంప్రదిస్తుంది" అని వచ్చింది, అంతే. ఆ రాత్రే ల్యాబ్ అతన్ని పిలిపించి వేరే డబ్బు కట్టుకున్నాను.

పాలకొల్లు కార్డు డెస్క్

ఆ పెండింగ్ స్క్రీన్ మీకు బంగారం. తేదీ కనిపించేలా ఇప్పుడే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. కేసు పెట్టాక వాళ్లు మీ లాగిన్ ఆపేసే అవకాశం ఉంది.

భీమవరం గారు అన్న లాగిన్ రికార్డు తప్పకుండా వస్తుంది. దానికి జవాబు మొదటి లేఖలోనే ఉండాలి. యాప్ తెరవలేదని రాయకండి. కౌంట్ ధరలు చూశాననీ, డబ్బు కట్టింది వాటికి కాదనీ, ఇన్వాయిస్‌లో రాసిన వారం వారం కాల్, మేత సలహా ఒక్కసారీ అందలేదనీ రాయండి.

అంతకంటే ముందు కంపెనీకి ఈరోజే ఒక మెయిల్. ఒప్పందం రద్దు చేస్తున్నాను, వచ్చే క్రాప్‌కి సర్దుబాటు నాకు వద్దు, డబ్బు అదే కార్డుకి వేయండి అని. వారం గడువు ఇవ్వండి. ముందు వాళ్లనే అడిగామని చూపించడం నియమంలోనే ఉంది. సర్దుబాటు వద్దనే మాట ఎందుకంటే, మీరు "సరేలెండి" అన్న చిన్న మెసేజ్ దొరికినా కొత్త ఒప్పందానికి ఒప్పుకున్నారని చూపిస్తారు. కూపన్ ఇస్తే వాడకండి.

వారం తర్వాత బ్రాంచికి వెళ్లొద్దు. కార్డు కస్టమర్ కేర్‌లోనో యాప్‌లోనో డిస్ప్యూట్ పెట్టండి. కారణాల్లో "వస్తువు లేదా సేవ అందలేదు" అన్నదే ఎంచుకోండి, వీసా కారణాల కోడ్‌లో అది 13.1. లేఖ ఇంగ్లిష్‌లో ఒక పేజీ మించకూడదు, చదివేవాడికి చెరువు సంగతి తెలియదు. వరుస ఇది: ఎప్పుడు ఎంత కట్టాను, ఏ తేదీకి ఏమి అందాలి, ఏమి అందలేదు, ఎప్పుడు డబ్బు అడిగాను, వాళ్లేమన్నారు. వైట్ గట్ వల్ల పోయిన నష్టం రాయకండి. చార్జ్‌బ్యాక్‌లో కట్టిన మొత్తం వరకే వస్తుంది, నష్టపరిహారం రాదు. ఆ లైను చూస్తే ఇది నాణ్యత గొడవ అనుకుని వేరే కారణంలోకి తోసేస్తారు.

చివరిగా ఒకటి. కొన్ని బ్యాంకులు కేసు పెట్టగానే డబ్బు వేస్తాయి. అది తాత్కాలికం. కంపెనీ వైపు జవాబు ఇవ్వడానికి వీసా 30 రోజులు ఇస్తుంది, వాళ్లు సాక్ష్యం పెడితే ఆ డబ్బు మళ్లీ మీ బిల్లులోకి వస్తుంది. అప్పుడు చాలామంది ఓడిపోయామని వదిలేస్తారు. ఓడిపోలేదు, వాళ్లు పెట్టిన కాగితాలు పంపమని బ్యాంకుని అడిగి, గడువులోపు జవాబివ్వాలి. ఈలోగా బిల్లు కట్టడం ఆపొద్దు, వడ్డీ పడితే అది వేరే తలనొప్పి.

నరసాపురం పెద్దాయన

పదిహేడు వేలకి ఇంత టెన్షన్ ఎందుకు బాబూ. వచ్చే క్రాప్‌కి చేస్తామంటున్నారుగా, చేయించుకో. ఆక్వాలో ఒకళ్లతో ఒకళ్లకి పని పడుతూనే ఉంటుంది.

తణుకు శీను

బాబాయ్, ఈ క్రాప్‌కి ఫోనే ఎత్తనివాళ్లు వచ్చే క్రాప్‌కి ఎత్తుతారా? ఫ్రాడ్ అని పెట్టొద్దన్న మాట ఒప్పుకుంటాను. కానీ బ్యాంకే 120 దాటిందని కేసు తీసుకోకపోతే ఏం చేస్తారు? అది చెప్పండి మేడమ్.

పాలకొల్లు కార్డు డెస్క్

మంచి ప్రశ్న. నోటిమాటగా కుదరదంటే ఒప్పుకోకండి, రాతలో ఫిర్యాదు పెట్టి నంబరు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగ్గా లేకపోయినా cms.rbi.org.in లో రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి పెట్టొచ్చు, ఫీజు లేదు. అయితే అక్కడ చూసేది బ్యాంకు తన పని చేసిందా అనే. గడువులో ఉన్న కేసుని తేదీ తప్పు లెక్కేసి తిప్పి పంపారన్నది అక్కడ చెప్పదగ్గ మాట. కంపెనీ మోసం చేసిందన్నది అక్కడ తేలదు, దానికి వినియోగదారుల కమిషన్.

భీమవరం బిల్లింగ్

కమిషన్‌లో వాళ్లు చెరువు వ్యాపారం, మీరు వినియోగదారుడే కాదని మొదలుపెడతారు. స్వయం ఉపాధి కోసం కొన్న వస్తువులకైతే వినియోగదారుడే అని 2019 చట్టంలో ఉంది గానీ, మీది సేవ, పైగా ఎన్ని ఎకరాలు, ఎంతమంది కూలీలు అని అడుగుతారు. ఒక మాట మాత్రం నేను వదలను. ధరలు, వాతావరణం రెండు నెలలు చూసినవాళ్లు మొత్తం 17,700 అడగడం న్యాయమా? అందనంత వరకే అడగాలి.

పాలకొల్లు కార్డు డెస్క్

అందని భాగానికే అడగాలన్నది నియమంలోనూ ఉంది, అక్కడ మీరు చెప్పింది సరైనదే. ఆ భాగం విలువ ఎంతన్నదే గొడవ. ఇన్వాయిస్‌లో ధరల సమాచారానికి విడిగా రేటు ఉందా?

ఆకివీడు చెరువు

లేదండీ, ఒకటే లైను, రూ. 15,000, దాని మీద 18 శాతం జీఎస్టీ. ఆ కౌంట్ ధరలు డబ్బు కట్టనివాళ్లకీ వస్తాయి, మా పక్క చెరువాయన ఉచితంగానే చూస్తున్నాడు.

పాలకొల్లు కార్డు డెస్క్

అయితే ఆయన ఫోన్లో ఆ ఉచిత పేజీ స్క్రీన్‌షాట్ కూడా తీసుకుని, పూర్తి మొత్తానికే పెట్టండి.

భీమవరం బిల్లింగ్

ఉచితంగా వస్తుంటే సరే. లేకపోతే నేను వాళ్ల వైపైతే కచ్చితంగా పోట్లాడేవాణ్ని.

ఆకివీడు చెరువు

కంపెనీకి మెయిల్ ఇప్పుడే పంపాను, ఏప్రిల్ 9 దాకా గడువు పెట్టాను. కార్డు యాప్‌లో చూస్తే డిస్ప్యూట్ బటన్ ఈ లావాదేవీ మీద కనిపించడం లేదు, పాత స్టేట్‌మెంట్లలో ఉంది కాబట్టేమో. 10న కస్టమర్ కేర్ మెయిల్‌కే ఫారం అడిగి పంపిస్తాను.