గుమాస్తా పెన్షన్‌కు ఏ వ్యాపారం సరిపోతుంది: కొట్టా, కమీషన్ కేంద్రమా, ఖాతాల పనా?

దుగ్గిరాల దారి: నేను తెనాలిలో ఒక ప్రభుత్వరంగ బ్యాంకులో 34 ఏళ్లు గుమాస్తాగా పనిచేసి గత మే నెలలో పదవీ విరమణ చేశాను. పెన్షన్‌లో కొంత భాగాన్ని ముందే ఒకేసారి సొమ్ముగా తీసుకునే కమ్యుటేషన్ పోగా నెలకు 38,000 పెన్షన్ వస్తుంది, ఇంటి ఖర్చు 27,000. గ్రాట్యుటీ, పీఎఫ్, కమ్యుటేషన్ కలిపి చేతిలో 22 లక్షలు ఉన్నాయి. అందులో 12 లక్షలు పెట్టి మందుల కొట్టు తెరవమని మా అల్లుడు పట్టుబడుతున్నాడు. ఖాళీగా కూర్చోలేను, ఉన్నది పోగొట్టుకోలేను. ఏం చేయమంటారు?

కౌంటరు నంబరు 3: మందుల కొట్టు మాట పక్కన పెట్టండి. బ్యాంకు తరఫున ఊళ్లో నగదు ఇచ్చి పుచ్చుకునే కస్టమర్ సర్వీస్ పాయింట్ తీసుకోండి. విశ్రాంత బ్యాంకు ఉద్యోగులను ఈ పనికి తీసుకోవచ్చని రిజర్వు బ్యాంకే అనుమతించింది. వేలిముద్ర యంత్రం, కంప్యూటరు, ఒక చిన్న గది ఉంటే చాలు. సరుకు కొనేది లేదు, పాడయ్యేది లేదు, అప్పు పెట్టేది అంతకన్నా లేదు. మీరు ముప్పై ఏళ్లు చేసిన పనినే కమీషన్ మీద చేస్తారు కాబట్టి ఇందులో నష్టభయం అనే మాటే రాదు.

పల్లె కేంద్రం: నష్టభయం లేదన్న మాటతో నేను ఏకీభవించలేను. నేను ఆరేళ్లుగా అలాంటి కేంద్రమే నడుపుతున్నాను, బ్యాంకు ఉద్యోగం చేసినవాణ్ణి మాత్రం కాదు. ఖాతాదారు వేలిముద్ర వేసి 5,000 తీసుకుంటే ఆ సొమ్ము నా ఖాతాకు జమ అవుతుంది, కానీ ఆయన చేతిలో పెట్టేది నా గల్లాపెట్టెలోని నోట్లు. ఉపాధి హామీ కూలి, పీఎం కిసాన్ వంటివి పడిన రోజున మధ్యాహ్నానికే లక్షన్నర అయిపోతుంది. ఖాతాలో అంకె కనిపిస్తుంది, నోట్లు మాత్రం తొమ్మిది కిలోమీటర్ల అవతల శాఖలో ఉంటాయి. వాటిని సంచిలో వేసుకుని మోటారు సైకిలు మీద తెచ్చుకోవాల్సింది నేనే. ఈ తిరుగుడు కోసం రెండు లక్షల సొంత డబ్బు ఎప్పుడూ అందులోనే ఇరుక్కుని ఉంటుంది.

ఇక లావాదేవీ మధ్యలో ఆగిపోయిన రోజు సంగతి వేరు. ఖాతాదారుకు డబ్బు తగ్గినట్లు సందేశం వెళ్తుంది, నా ఖాతాకు జమ రాదు. అది సరిపడేవరకు ఆ ముసలమ్మ రోజూ వచ్చి నా గుమ్మం ముందే కూర్చుంటుంది. నిజానికి నగదు ఇచ్చానా లేదా అన్నది ఆమెకూ నాకూ మధ్య మాట మాత్రమే కాబట్టి ఊళ్లో పేరు నిలవాలంటే రోజువారీ పుస్తకం రాసి తీరాలి. ఆ అలవాటు మీకు పుట్టుకతో ఉన్నట్లే లెక్క, నాకు మాత్రం రెండేళ్లు పట్టింది.

పాత లెడ్జరు: నేను అప్పుల విభాగంలో అధికారిగా పనిచేసి వచ్చినవాణ్ణి. ముందు అల్లుడు గారి లెక్క చూద్దాం. మీకు 60 నిండాయి కాబట్టి సీనియర్ సిటిజన్ పొదుపు పథకంలో 30 లక్షల దాకా పెట్టవచ్చు, ప్రస్తుత వడ్డీ 8.2 శాతం. అంటే ఆ 12 లక్షలు ఏడాదికి 98,400, నెలకు 8,200 చొప్పున ఇంట్లో కూర్చున్నా తెస్తాయి. కొట్టు అద్దె, కరెంటు, ఫార్మసిస్టు జీతం పోగా 8,200 మిగిలిన నెలలో మీరు సంపాదించింది సున్నా, మీ పన్నెండు గంటల కష్టం ఉచితం. పైగా మందుల కొట్టుకు రిజిస్టర్డు ఫార్మసిస్టు ఉండి తీరాలి. అది మీకు లేని అర్హత కాబట్టి మీ వ్యాపారం మొదటి రోజు నుంచే మరొకరి సర్టిఫికెట్ మీద నడుస్తుంది.

రెండో సంగతి మీ పెన్షన్. మీరున్నంత కాలం అది గట్టిదే, ఫిబ్రవరిలో, ఆగస్టులో డీఏ సవరణ కూడా ఉంటుంది. కానీ అది మీ ఒక్కరి ఆయుష్షు మీద ఆధారపడింది. మీకు 65 దాటాక ఏదైనా జరిగితే మీ శ్రీమతికి వచ్చే కుటుంబ పెన్షన్ చివరి జీతంలో 30 శాతం మీద లెక్కకడతారు. అందుకే మీ తర్వాత ఆమె మోయాల్సి వచ్చే అద్దె ఒప్పందం, బ్యాంకు అప్పు, సరుకు బకాయి ఏదీ ఉండకూడదు. మీరు వేసుకోవలసిన మొదటి పరీక్ష ఇదే: రేపు తలుపు మూసేస్తే ఎవరికి ఎంత బాకీ ఉంటాము? ఇంకొక చిన్న ప్రశ్న, మీ 27,000లో నవంబరులో కట్టే ఆరోగ్య బీమా ప్రీమియం కలిసి ఉందా?

ఈ పరీక్షకు నిలిచే పని ఒకటి మీ పక్కనే ఉంది. తెనాలి బజారులో క్యాష్ క్రెడిట్, అంటే సరుకు పూచీ మీద కావలసినప్పుడు తీసుకుని కట్టే బ్యాంకు అప్పు, వాడే చిన్న వర్తకులకు నెలనెలా ఖాతాలు రాసి, బ్యాంకుకు ఇవ్వాల్సిన సరుకు లెక్క అయిన స్టాక్ స్టేట్‌మెంట్ తయారుచేసి పెట్టడం. చాలామంది దాన్ని చివరి రోజున కొట్టులో కుర్రవాడి చేత పోయిన నెల అంకెలే కొద్దిగా మార్చి రాయిస్తారు. ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. బ్యాంకు ఇచ్చిన లిమిట్ 6 లక్షలు, వాడుకున్నది 5.5 లక్షలు. వర్తకుడు స్టాకు 12 లక్షలని రాశాడు. అందులో సరఫరాదారులకు ఇవ్వాల్సినది 4 లక్షలు తీసేస్తే 8, వర్తకుడు సొంతంగా భరించాల్సిన మార్జిన్ 25 శాతం పోతే డ్రాయింగ్ పవర్, అంటే ఆ నెల తీసుకోగలిగిన మొత్తం, 6 లక్షలు. పైకి అంతా సవ్యమే. ఇప్పుడు మీ పాత పద్ధతిలో తనిఖీ చేయండి. నెల మొదట్లో స్టాకు 9.1 లక్షలు, కొనుగోళ్లు 6 లక్షలు, అమ్మకాలు 6 లక్షలు, వాటి మీద లాభం 15 శాతం. అమ్ముడుపోయిన సరుకు అసలు ధర 5.1 లక్షలు కాబట్టి మిగలాల్సిన స్టాకు 10 లక్షలే. బకాయి పోతే 6, మార్జిన్ పోతే 4.5 లక్షలు. అంటే ఆయన తెలియకుండానే లక్ష రూపాయలు ఎక్కువ వాడుకున్నాడు.

బ్యాంకులు ఇప్పుడు జీఎస్టీ రిటర్నుల్లోని కొనుగోళ్లను, అమ్మకాలను పక్కన పెట్టుకుని చూస్తాయి కాబట్టి ఈ తేడా ఏదో ఒకనాడు బయటపడుతుంది. మూడు నెలలకు మించిన పాత స్టేట్‌మెంట్ మీద డబ్బు తీసుకుంటే అది అక్రమ వాడకం కింద లెక్క, ఆ స్థితి వరుసగా 90 రోజులు సాగితే ఖాతా మొండి బాకీల్లో చేరుతుంది. ఈ గొలుసు అంతా మీకు కౌంటరు వెనక నుంచి కంఠతా తెలుసు, వర్తకుడికి చెక్కు తిరిగి వచ్చిన రోజున తెలుస్తుంది. మీరు అమ్మాల్సిన సరుకు ఆ మధ్య ఉన్న ఎడం.

కంప్యూటరు, ప్రింటరు, ఖాతాల సాఫ్ట్‌వేర్ కలిపి లక్ష లోపల పూర్తవుతుంది, గది మీ ఇంట్లోదే. పన్నెండు నెలలు ఒక్కరూ రాకపోయినా పోయేది ఆ లక్షే.

పీఎఫ్ ఎంచుకున్నవాడు: అందరూ 38,000 పెన్షన్ అంటున్నారు, కానీ నేను అప్పట్లో పీఎఫ్‌నే ఎంచుకున్నాను, నాకు పెన్షనే లేదు. చేతిలో ఉన్న డబ్బును నమ్మకస్తులకు నోటు రాయించుకుని నూటికి రెండు చొప్పున వడ్డీకి తిప్పుతున్నాను. బ్యాంకు అనుభవానికి ఇంతకంటే దగ్గరి వ్యాపారం ఏముంటుంది?

పాత లెడ్జరు: అయ్యా, ప్రశ్న పెన్షన్ ఉన్నవారిది. మీ విషయంలో ఆ పొదుపే మీ పెన్షన్, కాబట్టి దాన్ని వ్యాపార పెట్టుబడిగా చూడటమే పొరపాటు. ప్రామిసరీ నోటుకు మూడేళ్ల కాలపరిమితి ఉందని మీకు నేను చెప్పనక్కరలేదు. బ్యాంకులో బాకీ వసూలైంది మన మాట చూసి కాదు, బ్యాంకు ముద్ర చూసి.

ఇనుప కొట్టు: నేను వర్తకుణ్ణి, ఇక్కడ చెబుతున్నది నా గురించే కాబట్టి నా మాట కూడా వినండి. నాకు క్యాష్ క్రెడిట్ ఉంది, స్టాక్ స్టేట్‌మెంట్ బాధ కూడా ఉంది. అయినా అదే ఊళ్లో అదే బ్యాంకులో పనిచేసిన మనిషికి నా పుస్తకాలు చూపించను. ఆయన రోజూ సాయంత్రం పాత మిత్రులతో టీ తాగుతాడు. నా స్టాకు పది లక్షలే అన్న సంగతి రేపు మేనేజరుకు, ఎల్లుండి నా పోటీ కొట్టుకు చేరదని ఎవరు హామీ ఇస్తారు? రెండో భయం ఇంకా పెద్దది. బ్యాంకు మనిషి అనగానే మా బజారులో వచ్చే మొదటి మాట ‘లోను ఇప్పిస్తారా’ అన్నదే. ఒకసారి ఇప్పించి శాతం తీసుకున్నాడా, ఆయన ఇక ఖాతాలు రాసే మనిషి కాదు, దళారి.

పాత లెడ్జరు: రెండో మాటకు నా దగ్గర సమాధానం ఉంది. లోను ఇప్పించను, ఎవరికీ హామీదారుగా సంతకం పెట్టను, స్టేట్‌మెంట్ మీద సంతకం వర్తకుడిదే, ఆడిట్ సంతకం చార్టర్డ్ అకౌంటెంటుదే, జీఎస్టీ పోర్టల్ సంకేతపదం నా దగ్గర ఉంచుకోను అని మొదటి రోజే కాగితం మీద రాసివ్వాలి. స్టాకు పెంచి రాయమన్నవారిని ఆ నెలలోనే వదులుకోవాలి. ఎందుకంటే అబద్ధమని తెలిసి రాసినవాడు ‘నాకు తెలియదు’ అనలేడు. మొదటి మాటకు మాత్రం పూర్తి జవాబు లేదు. చివరగా పనిచేసిన శాఖ ఖాతాదారులను కనీసం రెండేళ్లు తీసుకోకపోవడం మంచిదని నా అభిప్రాయం. కానీ తెనాలి అంత ఊళ్లో అలా వదులుకుంటే ఎంతమంది మిగులుతారన్నది కూడా న్యాయమైన సందేహమే.

కౌంటరు నంబరు 3: నగదు ఇరుక్కుంటుందన్న సంగతి నేను తక్కువ అంచనా వేశాను, ఒప్పుకుంటున్నాను. అయితే లెడ్జరు గారు ఒకటి మరచిపోయారు. గుమాస్తా జీవితాంతం తన జీతం ఒకటో తారీఖుకు ముందే చూసుకున్నవాడు, బాకీ అడగటానికి ఎవరి గుమ్మమూ ఎక్కలేదు. పది కొట్లు నెలకు 1,200 చొప్పున ఒప్పుకుంటే కాగితం మీద 12,000 కనిపిస్తుంది, ‘వచ్చే నెల చూద్దాం సార్’ అనేవారు ముగ్గురుంటే చేతికి 8,400 వస్తుంది. కమీషన్ కేంద్రంలో అడగకుండానే ఖాతాలో పడుతుంది. ముందే కోపగించుకోకండి, క్రమశిక్షణ ఉన్నవాడికి మొహమాటం కూడా ఎక్కువే.

ఇనుప కొట్టు: ఈ మాట నిజం. మూడు నెలల రుసుము ముందే అడగండి. బేరమాడతాము కానీ ఇస్తాము. నెలాఖరున అడిగితే మాత్రం ముందు లారీ కిరాయి, తర్వాత కూలీలు, ఆ తర్వాతే మీరు.

దుగ్గిరాల దారి: అందరికీ ధన్యవాదాలు. ఆరోగ్య బీమా ప్రీమియం నా లెక్కలో లేదు. అది నెలలకు పంచి కలిపాక మిగులు 11,000 కాదు, ఎనిమిది వేల చిల్లర. 20 లక్షలు శ్రీమతితో ఉమ్మడిగా సీనియర్ సిటిజన్ పథకంలో వేయాలని, లక్ష పనికి, లక్ష అత్యవసరానికి ఉంచాలని అనుకుంటున్నాను. అల్లుడికి ఆ 8,200 లెక్క చూపించాను. ‘అయితే కొట్టు నేను పెడతాను, మీరు హామీ సంతకం పెట్టండి మావయ్యా’ అన్నాడు, ఇంకా జవాబు చెప్పలేదు. నా శాఖలో ఖాతా లేని వర్తకులు ఇద్దరు పుస్తకాలు చూపిస్తామన్నారు. ఒకరు గత మూడు నెలల స్టేట్‌మెంట్లు తెచ్చారు. మూడింటిలోనూ ముగింపు స్టాకు ఒకే అంకె, పైసలతో సహా.