డౌన్‌లోడ్ బటన్ ఉండగా చట్టం పేరు చెప్పి ఉత్తరం రాయడం ఎందుకు?

వేపచెట్టు (మ్యూనిక్), మార్చి 2
రెండేళ్లుగా ఒక ఏఐ చాట్ సేవ వాడుతున్నాను. నాన్నగారి రక్తపరీక్షల రిపోర్టులు, నా వీసా కాగితాలు, ఇంట్లో గొడవలు, అన్నీ దానితో చెప్పుకున్నాను. జనవరిలో "వినియోగ నిబంధనలు ఉల్లంఘించారు" అని మెయిల్ పంపి ఖాతా ఆపేశారు. పదకొండు రోజుల తర్వాత మళ్లీ తెరిచారు. ఎందుకు ఆపారో, ఎందుకు తెరిచారో చెప్పలేదు. సెట్టింగుల్లో ఉన్న బటన్ నొక్కితే ఒక జిప్ వచ్చింది. అందులో నా సంభాషణలు, నా పేరు, మెయిల్ తప్ప ఏమీ లేవు. నా గురించి వాళ్ల దగ్గర ఉన్నదంతా కావాలంటే ఐరోపా డేటా రక్షణ చట్టం జీడీపీఆర్‌లోని 15వ అధికరణం కింద విడిగా రాయాలా? ఇక్కడ ఎవరైనా రాశారా?

మారేడుపల్లి, మార్చి 2
జిప్ వచ్చింది కదా. రాసింది మీరే, మీకు తెలియనిది అందులో ఏముంటుంది?

డబ్లిన్ వాన, మార్చి 2
రాయాలి. నేను రెండుసార్లు రాశాను. బటన్‌తో వచ్చేది వాళ్లు ముందే కట్టిపెట్టిన మూట. మీరు రాసినవి అందులో ఉంటాయి, మీ గురించి వాళ్లు రాసుకున్నవి ఉండవు. 15వ అధికరణం రెండింటికీ వర్తిస్తుంది.

ముందు ఒక పని చేయండి. వాళ్ల గోప్యతా విధానం కాగితం మీద ముద్రించుకుని పెన్సిల్ పట్టుకుని కూర్చోండి. "మేము సేకరిస్తాం" అన్న ప్రతి వాక్యం దగ్గర ఆగి, అది జిప్‌లో ఉందా అని చూడండి. ఐపీ చిరునామా, ఏ పరికరం, లాగిన్ వేళలు, జవాబు బాగాలేదని మీరు నొక్కిన గుర్తులు, సహాయ విభాగానికి రాసిన ఉత్తరాలు, ఆటోమేటిక్ తనిఖీల ఫలితాలు. సేకరిస్తామని వాళ్లే చెప్పి జిప్‌లో పెట్టని ప్రతిదీ మీ ఉత్తరంలో ఒక వాక్యం కావాలి. "నా డేటా అంతా పంపండి" అని ఒక్క ముక్క రాస్తే అదే జిప్ మళ్లీ వస్తుంది. నాకు మొదటిసారి అదే జరిగింది.

మీ విషయంలో అసలైన వాక్యం జనవరిది. ఖాతా ఆపడానికి ఆధారమైన నమోదు ఏమిటి, అది ఆటోమేటిక్‌గా జరిగిందా, మనిషి చూశారా అని తేదీతో సహా అడగండి. డేటా ఎవరికి ఇచ్చారో పేర్లతో చెప్పమనండి. "మా భాగస్వాములకు" అంటే చాలదని ఐరోపా న్యాయస్థానం 2023 జనవరిలో ఆస్ట్రియా తపాలా సంస్థ కేసులో తేల్చింది. వాళ్ల ఫారమ్‌లోనే అడగాలన్న నియమం లేదు, మెయిల్ చాలు. అయితే ఖాతాకు ఇచ్చిన మెయిల్ నుంచే పంపండి. గడువు ఒక నెల. మరో రెండు నెలలు పొడిగించుకోవచ్చు కానీ, ఆ మాట కారణంతో సహా మొదటి నెలలోనే మీకు చెప్పాలి.

కంచుగంట, మార్చి 3
ఉత్తరాలు రాసే ఉత్సాహం మంచిదే కానీ, ఏఐ మోడల్‌లో మీ వాక్యాలు ఉండవు. ఉండేవి అంకెలు. లేనిదాన్ని నకలు తీసి ఎలా ఇస్తారు? హాంబర్గ్ డేటా రక్షణ అధికారి 2024 జూలైలోనే భాషా మోడల్‌లో వ్యక్తిగత సమాచారం నిల్వ ఉండదని చర్చాపత్రం ఇచ్చారు. చదువుకోండి.

డబ్లిన్ వాన, మార్చి 3
చదివాను. అదే పత్రంలో మీరు టైపు చేసినదానికీ, అది ఇచ్చిన జవాబుకూ హక్కులు వర్తిస్తాయని కూడా ఉంది. పైగా అదే ఏడాది డిసెంబరులో ఐరోపా డేటా రక్షణ మండలి, వ్యక్తిగత సమాచారంతో తయారైన మోడల్‌ను ప్రతిసారీ అనామకమని అనలేమనీ, ఒక్కొక్కదాన్నీ విడిగా చూడాలనీ చెప్పింది. కనుక ఆ తగువు తేలలేదు. అయినా వేపచెట్టు గారు మోడల్ సంగతి అడగలేదు కదా!

కంచుగంట, మార్చి 3
అడిగినా అడగకపోయినా మూలం అదే. అంకెల్లోంచి మనిషిని తీయలేరు.

సత్యవతి, మార్చి 4
నాకూ ఇదే కష్టం. అప్పు ఇచ్చే ఒక యాప్ నా ఫోనులోని నంబర్లన్నీ తీసుకుంది. డిలీట్ చేయమని ఆరుసార్లు రాశాను. మా అత్తగారికి కూడా ఫోన్ చేశారు. ఈ 15తో డిలీట్ చేయించవచ్చా?

డబ్లిన్ వాన, మార్చి 4
సత్యవతి గారూ, తుడిపించడం వేరే హక్కు, అక్కడ 17వ అధికరణం. పైగా మీరు గుంటూరులో ఉన్నట్టున్నారు, ఐరోపా చట్టం మీకు అందదు. మన 2023 డీపీడీపీ చట్టంలో 11వ సెక్షన్ ఉంది. అది మీ సమాచారం సారాంశాన్నీ, ఎవరెవరితో పంచుకున్నారన్నదాన్నీ ఇవ్వమంటుంది. పూర్తి నకలు అన్న మాట అందులో లేదు. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ఈ భాగం అమలుకు పద్దెనిమిది నెలల వ్యవధి పెట్టారు. వేపచెట్టు గారు తుడిపించాలనుకున్నా, ముందు నకలు తెప్పించుకోవాలి. తుడిచాక అడిగితే ఏమీ మిగలదు.

నీలిసిరా (హైదరాబాద్), మార్చి 5
మూడు రోజులుగా చదువుతున్నాను, ఇక ఊరుకోలేక రాస్తున్నాను. ఆ ఉత్తరాలు వచ్చి పడే బల్ల దగ్గర నాలుగేళ్లు పనిచేశాను (ఏ సంస్థ అని అడగకండి). వేపచెట్టు గారికి కావలసింది డేటా కాదు. ఖాతా ఆపారన్న కోపం ఉంది, దానికి చట్టాన్ని కర్రలా వాడుతున్నారు. ఇలాంటివాళ్ల వెనుక వరుసలో నిజంగా భయపడి అడిగినవాళ్లు ఆగిపోతారు. భర్త తన ఖాతా తెరిచాడేమోనని లాగిన్ వివరాలు అడిగిన ఒకావిడ ఉత్తరం, టెంప్లేట్ కాపీ కొట్టి పంపినవాళ్ల గుట్టలో ఇరవై రోజులు పడి ఉంది. అది నా బల్ల మీదే.

డబ్లిన్ వాన, మార్చి 5
ఆవిడ విషయం వింటే బాధగానే ఉంది. కానీ ఆ బల్ల దగ్గర మనుషులు చాలకపోవడం అడిగినవాళ్ల తప్పా? ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కరలేదు. జర్మనీలో ఒక రోగి, దంతవైద్యుడి మీద దావా వేసే ఆలోచనతోనే తన రికార్డు అడిగాడు. ఆ ఉద్దేశంతో అడిగినా మొదటి నకలు ఉచితంగా ఇవ్వాల్సిందేనని 2023 అక్టోబరులో ఐరోపా న్యాయస్థానం చెప్పింది. కోపంతో అడిగినా హక్కు హక్కే.

నీలిసిరా, మార్చి 5
చట్టం నాకు వల్లించకండి. తనిఖీ గుర్తులు బయటపెడితే, ఏ మాటకు గంట మోగుతుందో దుర్మార్గుడికి కూడా తెలిసిపోతుంది. నకలు ఇచ్చేటప్పుడు ఇతరుల హక్కులకు హాని కలగకూడదని అదే 15లో నాలుగో పేరాలో ఉంది. అది మీ పెన్సిల్‌కు కనబడలేదా?

డబ్లిన్ వాన, మార్చి 6
కనబడింది. గంట ఎలా మోగుతుందో చెప్పనక్కరలేదు, నా మీద మోగిందని చెప్పాలి. పరీక్ష రాసినవాడి జవాబు పత్రం మీద దిద్దినవారు రాసిన వ్యాఖ్యలు కూడా ఆ అభ్యర్థి సమాచారమేనని 2017లోనే తీర్పు ఉంది. నా ఖాతా మీద అంటించిన చీటీ అంతకన్నా భిన్నమా? సంస్థలు భిన్నమంటాయి, ఏఐ చీటీల మీద నేరుగా తీర్పు వచ్చినట్టు నేను చూడలేదు. కానీ నా వాదన ఇదే.

కంచుగంట, మార్చి 6
మోడల్‌లో చీటీలు కూడా ఉండవు.

మారేడుపల్లి, మార్చి 6
కంచుగంట గారూ, దండం.

వేపచెట్టు, ఏప్రిల్ 9
ఫలితం చెప్పడానికి వచ్చాను. మార్చి 7న పంపాను. తొమ్మిది రోజులకు పాస్‌పోర్టు స్కాన్ అడిగారు. ఇవ్వలేదు. ఖాతా తెరిచినప్పుడు నా పాస్‌పోర్టు చూడలేదు కనుక దానితో పోల్చడానికి మీ దగ్గర ఏమీ లేదు, లాగిన్ అయి నిర్ధారిస్తాను అని రాశాను. ఒప్పుకున్నారు. ఏప్రిల్ 6న రెండో జిప్ వచ్చింది. లాగిన్ పట్టిక ఉంది, సహాయ విభాగానికి రాసిన ఉత్తరాలు ఉన్నాయి. జనవరికి ఒకే ఒక వరుస: తేదీ, 20:14, "స్వీయహాని" అన్న వర్గం, ఒక అంకె మీద నల్లగీత, చివర "మనిషి సమీక్ష: అవును". ఏ సంభాషణో చెప్పలేదు. 20:14కి నేను ఏమీ రాయలేదు. వేరేవాళ్లది నాకు అంటగట్టారా?

డబ్లిన్ వాన, ఏప్రిల్ 9
ఒక గంట కలపండి. సర్వర్ పట్టికలు సాధారణంగా ప్రపంచ సమన్వయ కాలంలో ఉంటాయి. జనవరిలో మ్యూనిక్ దానికి గంట ముందు. 21:14 చూడండి. వేసవి తేదీలైతే రెండు గంటలు కలపాలి.

వేపచెట్టు, ఏప్రిల్ 9
దొరికింది. నాన్నగారు నిద్రమాత్ర వేసుకున్నది మరిచిపోయి మళ్లీ వేసుకున్నారు. అమ్మ ఫోన్ చేసి ఏడుస్తోంది. ఎన్ని మాత్రలైతే ప్రమాదం అని అడిగాను. అంతే. దానికి పదకొండు రోజులు.

అది కూడా పక్కన పెడతాను. ఆ రాత్రి నేను రాసింది ఎవరో కూర్చుని చదివారు. అది ఇప్పుడు తెలిసింది.

నీలిసిరా, ఏప్రిల్ 10
చదివారు. మేమే చదువుతాం. నేను మొదటి నుంచీ చెప్పలేక కోప్పడుతున్నది ఇదే. మీ ఉత్తరానికి జవాబు కట్టాలన్నా ఒకరు కొన్ని పేజీలు తిరగేయాలి. ఎవరి పేరు నల్లగీత కింద పోవాలో చూడాలి. మీరు అడిగిన ప్రతిసారీ మీ నాన్నగారి మాత్రల సంగతి ఇంకొకరి కంటపడుతుంది. అడగకుండా ఉంటే ఆ ఒక్కరూ చూడరు. మేము ఇంటికి వెళ్లాక కూడా కొన్ని మరిచిపోలేం. టెంప్లేటు పంపేవాళ్లకు ఇది తెలియదు.

డబ్లిన్ వాన, ఏప్రిల్ 10
నీలిసిరా గారూ, మార్చిలోనే ఇలా రాసి ఉంటే నేను అంత గొంతు పెంచేవాణ్ణి కాదు. అయినా ఒప్పుకోలేను. మొదటి మనిషి జనవరిలో అడగకుండానే చదివారు. ఆ సంగతి బయటపడింది ఈ ఉత్తరం వల్లనే.

సత్యవతి, ఏప్రిల్ 10
నాన్నగారు ఇప్పుడు ఎలా ఉన్నారు?

వేపచెట్టు, ఏప్రిల్ 11
బాగున్నారు సత్యవతి గారూ. మాత్రలకు వారాల డబ్బా కొన్నాం. నల్లగీత కింద ఉన్న అంకె గురించీ, చదివినవారు బయటి సంస్థవారా అన్నదాని గురించీ మళ్లీ రాశాను. జవాబు రాకపోతే బవేరియా డేటా రక్షణ కార్యాలయానికి ఫిర్యాదు చేస్తాను. సంస్థ ఐర్లండ్‌లో ఉంది కనుక అక్కడికి బదిలీ అవుతుందట, నెలలు పట్టవచ్చు. నీలిసిరా గారూ, మీరన్నది నిన్నటి నుంచీ మనసులో తిరుగుతోంది. ఈసారి ఉత్తరంలో ఆ సంభాషణ నకలు మళ్లీ పంపనక్కరలేదని, పట్టికలోని ఆ ఒక్క వరుస చాలని రాశాను.

కంచుగంట, ఏప్రిల్ 11
ఆ అంకె వచ్చింది మోడల్ నుంచే అని గమనించగలరు.